పొడి మీద నమ్మకం సరే, రిపోర్టు ఏదీ?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఏ ఊళ్లోనైనా నలుగురు పెద్దవాళ్లు ఒకచోట కూర్చుంటే మాట మోకాళ్ల నొప్పుల మీదికి మళ్లుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పట్టేసిన కీళ్లు, వంగిన నడుములు ఉమ్మడి ప్రకాశం జిల్లాకు కొత్త కాదు. అందుకే అక్కడ కీళ్లనొప్పుల పొడులకు ఎప్పుడూ గిరాకీయే. మూలికల దుకాణంలో దొరుకుతాయి, బస్టాండు పక్క బల్ల మీద దొరుకుతాయి, ఇప్పుడు ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తున్నాయి. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ, ‘నేచురల్’ అన్న మాట, ‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అన్న హామీ. లోపల సీసం ఎంత ఉందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఇక అడగాల్సిందే.

ఆయుర్వేదాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. లోహం ఈ మందుల్లోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఎవరూ కావాలని కలపకపోయినా వచ్చేది. సీసం, కాడ్మియం ఉన్న నేలలో పెరిగిన మొక్కల నుంచి, రోడ్డు పక్క కోసి ఆరబెట్టిన వేర్ల నుంచి, పొడిచేసే యంత్రాల నుంచి అది చేరుతుంది. రెండోది, శాస్త్రం ప్రకారం కావాలనే వేసేది. పారదం అంటే పాదరసం, హింగుళంలోనూ ఉండేది అదే. హరితాళంలో ఉండేది ఆర్సెనిక్. నాగ భస్మం సీసంతో చేసేది.

కీళ్లనొప్పులకే వాడే రెండు మందులను చూడండి. యోగరాజ గుగ్గులు మూలికలతో చేసేది. మహాయోగరాజ గుగ్గులులో ఆ మూలికలకు తోడు నాగ భస్మం, రస సింధూరం లాంటివి కలుస్తాయి. అంటే సీసమూ, పాదరసమూ ఉంటాయి. రెండు డబ్బాలూ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. పేరు ముందు ‘మహా’ ఉంటే ఇంకా బాగా పనిచేస్తుందని కొనేవాళ్లు తక్కువేం లేరు. శుద్ధి చేసి, పుటం పెట్టాకే వేస్తామని తయారీదార్లు అంటారు. కానీ శుద్ధి సరిగ్గా జరిగిందో లేదో డబ్బా చూసి ఎవరూ చెప్పలేరు. అలాంటి మందు వైద్యుడు చూసి, మోతాదూ గడువూ చెప్పి ఇవ్వాలే గానీ పక్కింటావిడ మాట మీద కొనేది కాదు.

ఇక మూలికలతోనే చేశామని చెప్పే చూర్ణాల సంగతి. మందుల ప్రమాణాలు చెప్పే మన ఆయుర్వేద ఫార్మకోపియా వీటికి హద్దులు పెట్టింది: సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. ఆ హద్దులో ఉంటే చాలనుకుంటాం. కాస్త లెక్క వేసి చూద్దాం. 10 పీపీఎం అంటే గ్రాము పొడిలో 10 మైక్రోగ్రాముల సీసం. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, మొత్తం 10 గ్రాములు తింటే ఒంట్లోకి రోజుకు 100 మైక్రోగ్రాములు పోతుంది. నోటి ద్వారా వాడే ఆధునిక మందులకు అంతర్జాతీయ ప్రమాణం రోజుకు 5 మైక్రోగ్రాములే. చట్టం ప్రకారం ‘పాస్’ అయిన పొడి దానికి ఇరవై రెట్లు ఇవ్వగలదు! హద్దు పెట్టింది గ్రాముకు, మనం తినేది చెంచాలకొద్దీ. టానిక్ అయితే మరీ జాగ్రత్త. రోజుకు 30 మిల్లీలీటర్లు తాగేదాంట్లో సీసం 1 పీపీఎం ఉన్నా 30 మైక్రోగ్రాములవుతుంది.

కాబట్టి లోహాల పరీక్ష రిపోర్టులో ‘పాస్’ అన్న మాట చాలదు, అంకె కావాలి. ఆ అంకెను రోజువారీ గ్రాములతో గుణించండి. 0.4 పీపీఎం అని ఉంటే 10 గ్రాములకు 4 మైక్రోగ్రాములు, ఫరవాలేదు. 6 అని ఉంటే 60. చట్టానికి అది తప్పు కాదు, కానీ నెలల తరబడి తినాల్సిన పొడి మాత్రం కాదు. రిపోర్టు మీద బ్యాచ్ నంబరు మీ చేతిలోని డబ్బా నంబరుతో కలవాలి. మూడేళ్ల కిందటి ఒకే కాగితాన్ని అన్ని బ్యాచ్‌లకూ చూపిస్తే అది రిపోర్టు కాదు, ప్రకటన. పరీక్ష చేసింది తయారీదారు సొంత ల్యాబా, ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉన్న బయటి ల్యాబా అన్నదీ చూడాలి. డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు, పదార్థాల జాబితా లేకపోతే రిపోర్టు దాకా పోనక్కర్లేదు, అక్కడే పెట్టేసి రండి.

మంచి తయారీ పద్ధతులకు గుర్తయిన జీఎంపీ ముద్ర ఒక్కటే చూసి ధీమాగా ఉండటం కూడా కుదరదు. అమెరికా వైద్య పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. అలా దొరికిన వాటిలో నాలుగింట మూడు వంతులు మంచి తయారీ పద్ధతులు పాటిస్తున్నామని చెప్పుకున్నవే. ఇండియాలో చేసినవీ అమెరికాలో చేసినవీ దాదాపు ఒకటే తీరు.

సీసం ఒంట్లో చేరితే వెంటనే తెలియదు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తం తక్కువ కావడం కనిపిస్తాయి. గ్యాస్ అనుకుని బిళ్లలు మింగుతారు, మలబద్ధకానికి ఇంకో చూర్ణం మొదలుపెడతారు. ఐరన్ మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే, కడుపునొప్పికి స్కానింగ్‌లో ఏమీ తేలకపోతే, తింటున్న పొడి డబ్బాను డాక్టరు ముందు పెట్టి రక్తంలో సీసం పరీక్ష రాయమని అడగాలి. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులు, పసిపిల్లల విషయంలో అంతదాకా ఆగకూడదు. సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బలానికని పసివాళ్లకు పేరూ ఊరూ లేని పొడులు నాకించడం మానాలి.

మందుకు పరీక్ష అడగడం నెల్లూరు జిల్లాకు తెలియనిది కాదు. 2021 మే నెలలో కరోనాకని కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరినప్పుడు, ప్రభుత్వం మొదట పంపిణీ ఆపి, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక చూశాకే అనుమతించింది. కంటి చుక్కలకు అప్పుడు అనుమతి ఇవ్వలేదు. ఊరంతా చూస్తున్న మందుకు ఆ జాగ్రత్త తీసుకున్న యంత్రాంగం, ఏడాది పొడవునా ఎవరూ చూడకుండా అమ్ముడవుతున్న వాటి జోలికి ఎందుకు రాదు? రెండు జిల్లాల్లోనూ కీళ్లనొప్పులు, షుగరు, బలం పేర్లతో ఎక్కువగా అమ్ముడయ్యే పొడుల నమూనాలను దుకాణాల నుంచే తీయాలి. లోహాల అంకెలను బ్యాచ్ నంబర్లతో సహా బయటపెట్టాలి. 2006 జనవరి నుంచి ఎగుమతయ్యే మూలికా మందులకు ఈ లోహాల పరీక్ష తప్పనిసరి చేశారు. విదేశీ కొనుగోలుదారుకు దక్కే ఆ లెక్క మన పల్లెల్లో డబ్బా కొనేవాళ్లకూ దక్కాలి.

ఇంకొకటి. పాదరసం, హింగుళం, హరితాళం లాంటివి ఉన్న మందు డబ్బా మీద ‘వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి’ అన్న హెచ్చరిక ఇంగ్లిషులో, హిందీలో వేయాలని నిబంధన. ఆ మందు వాడే మన పల్లె ముసలమ్మకు ఆ రెండూ రావు. అమ్మకపు మాటలన్నీ తెలుగులో రాయగలిగినవాళ్లు ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో అచ్చేయలేరా? రాష్ట్ర ఆయుష్ శాఖ ఈ పని వెంటనే చేయించాలి.