మూడో రోజున తెరుచుకున్న స్వాగత మెయిల్

ఎనిమిదేళ్ల క్రితం హైదరాబాదులో నా రెండో ఉద్యోగంలో చేరిన సోమవారం నాడే మా టీమ్ లీడ్ నాకు ఒక స్వాగత మెయిల్ పంపారు. అది వచ్చిన సంగతి నాకు తెలిసింది మాత్రం బుధవారం మధ్యాహ్నం. ఆయన దానిని ఆఫీసు మెయిలుకు పంపారు. ఆఫీసు మెయిల్ తెరవాలంటే ల్యాప్‌టాప్ ఉండాలి. ల్యాప్‌టాప్ నా చేతికి సోమవారం సాయంత్రం ఆరు గంటలకు వచ్చింది. దానితో ఇచ్చిన తాత్కాలిక పాస్‌వర్డుకు గడువు 24 గంటలే. మరునాడంతా ఇండక్షన్ హాల్లో కూర్చోబెట్టడంతో ఆ గడువు కాస్తా దాటిపోయింది. కొత్త పాస్‌వర్డు పెట్టుకునే లింకు ఎక్కడికి వచ్చిందంటే, నేను తెరవలేకపోతున్న ఆ ఆఫీసు మెయిలుకే. చివరికి ఐటీ డెస్క్ వారు దయతలచి లోపలికి పంపాక నేను చదివిన మొదటి వాక్యం ఇది: "సోమవారం ఉదయం 11 గంటలకు మూడో అంతస్తులో జట్టు సభ్యులందరితో మీ పరిచయ సమావేశం ఉంటుంది." ఆ సమావేశంలో ఏడుగురు నా కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూసి, కొత్త మనిషికి సమయపాలన లేదని అనుకుని లేచిపోయారట.

ఇప్పుడు నేనూ టీమ్ లీడ్‌నే. చెల్లింపుల లెక్కలు సరిచూసే సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే చిన్న జట్టు మాది. ఈ అయిదేళ్లలో ఇటువంటి మెయిళ్లు పది పన్నెండు రాశాను, వాటిలో కొన్నింటిని చెడగొట్టాను కూడా. ఆ అనుభవంతో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే: మనం తనకు చెప్పదలచుకున్న వరుసలో కాకుండా, కొత్తగా వచ్చిన మనిషికి తలుపులు ఏ వరుసలో తెరుచుకుంటాయో ఆ వరుసలో స్వాగత మెయిల్ రాయాలి. జీతం, సెలవుల నియమాలు, ప్రావిడెంట్ ఫండ్ కాగితాల గురించి హెచ్‌ఆర్ వారు వేరే రాస్తారు. లీడ్ వాటిని మళ్లీ వల్లించనక్కరలేదు. లీడ్ రాయవలసింది హెచ్‌ఆర్‌కు తెలియని విషయాలు.

అందుచేత నేను ఒక మెయిల్ కాదు, రెండు రాస్తాను. మొదటిది చేరే తేదీకి ముందు వచ్చే గురువారం నాడు, వారి సొంత మెయిలుకు వెళుతుంది. శుక్రవారం సాయంత్రం పంపితే ఏదైనా సందేహం వచ్చినా శని ఆదివారాల్లో అడగడానికి మొహమాటపడతారు. గురువారం పంపితే ఒక పనిదినం చేతిలో ఉంటుంది. అందులో ఉండేది అయిదు వాక్యాలే. "సోమవారం ఉదయం 9:30కు మూడో గేటు దగ్గరికి రండి. గేటులో మీ పేరు చెప్పి, ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్స్ గానీ చూపితే విజిటర్ పాస్ ఇస్తారు. హెచ్‌ఆర్ వారికి ఇవ్వవలసిన కాగితాల పని సుమారుగా మధ్యాహ్నం 12:30 వరకు సాగుతుంది. ఒంటిగంటకు మేమంతా మిమ్మల్ని భోజనానికి తీసుకువెళతాము, కాబట్టి ఆ రోజు డబ్బా తెచ్చుకోనక్కరలేదు. గేటు దగ్గర ఏ ఇబ్బంది వచ్చినా ఈ నంబరుకు ఫోన్ చేయండి, అది నాదే." అంతే.

ఈ మెయిల్ చిన్నదిగా ఉండడానికి మరో కారణం ఉంది. బయటి మెయిలుకు వెళ్లే ఉత్తరంలో లోపలి లింకులు, సిస్టమ్‌ల పేర్లు, ఖాతాదారు సంస్థల పేర్లు, జట్టు సభ్యులందరి ఫోన్ నంబర్లు ఉండకూడదు. ఉత్సాహం కొద్దీ అన్నీ కలిపి ఒకే మెయిలులో పంపే లీడ్‌లను చూశాను. చివరి నిమిషంలో వేరే ఉద్యోగం దొరికి రాకుండా పోయేవారు ప్రతి ఏడాదీ ఒకరో ఇద్దరో ఉంటారు. మన లోపలి వివరాలు మాత్రం వారి ఇన్‌బాక్సులో శాశ్వతంగా ఉండిపోతాయి.

రెండో మెయిల్ ఆఫీసు చిరునామాకు పంపుతాను, కానీ దానినే ఒక కాగితం మీద ప్రింటు తీసి భోజనానికి వెళ్లే ముందు చేతికి కూడా ఇస్తాను. ఈ రోజుల్లో ప్రింటు ఏమిటని మా వాళ్లు నవ్వుతారు. సోమవారం లాగిన్ కాకపోయినా తెరుచుకునేది ఆ కాగితం ఒక్కటే.

వారం ప్రణాళిక ఇందులోనే ఉంటుంది, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. చాలామంది సోమవారం పరిచయాలు, మంగళవారం కోడ్ సెటప్, బుధవారం మొదటి పని అని రాసేస్తారు. కోడ్ రిపాజిటరీకి అనుమతి ఎలా వస్తుందో ఒకసారి లెక్క వేసి చూడండి. మా దగ్గర అనుమతి కోరే టికెట్ వేయాలంటే ఉద్యోగి నంబరు కావాలి. ఆ నంబరు చేరిన రోజు మధ్యాహ్నం గానీ పుట్టదు. తరువాత మేనేజరు ఒప్పుకోవాలి, ఆపైన ఆ సిస్టమ్ బాధ్యులు ఒప్పుకోవాలి. అంతా సవ్యంగా జరిగినా బుధవారం ఉదయానికి వస్తే త్వరగా వచ్చినట్టే. మంగళవారం సెటప్ అని రాసిన మెయిలును నమ్మిన మనిషి ఆ రోజంతా "యాక్సెస్ డినైడ్" అన్న తెరను చూస్తూ, తప్పు తనదేనేమో అని కుమిలిపోతారు.

కాబట్టి మా మంగళవారంలో అనుమతి అవసరమయ్యే పని ఒక్కటీ ఉండదు. ఉదయం గంటన్నర ఒక సీనియర్ పక్కన కూర్చుని, ఆ రోజు తేడా వచ్చిన లావాదేవీలను ఆయన ఎలా వెదుకుతారో చూడడం. మధ్యాహ్నం నేను తెల్లబోర్డు మీద ఒక చెల్లింపు బ్యాంకు నుంచి బయలుదేరి మా లెక్కల్లోకి చేరే దారి గీసి చూపడం. బుధవారం సెటప్. గురువారం మొదటి మార్పు, అది కూడా కోడులో కాదు. README.md ఫైలులో రాసి ఉన్న సెటప్ అంచెల్లో తమకు పనిచేయనిది ఏదో దానిని సరిదిద్ది రివ్యూకు పంపమంటాను. పాతవారి యంత్రాల్లో అన్నీ ఎప్పుడో అమరిపోయి ఉంటాయి కనుక ఆ లోపాలు వారికి కనిపించవు, కొత్తవారికే కనిపిస్తాయి. చిన్న మార్పు కావడం వల్ల భయం ఉండదు, రివ్యూ నుంచి విలీనం వరకు మొత్తం దారి ఒకసారి నడిచినట్టూ అవుతుంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నాతో ఇరవై నిమిషాలు.

ఒకసారి నేనే పప్పులో కాలేశాను. పాత మెయిలును కాపీ చేసి, పేరూ తేదీలూ మార్చి పంపాను. ఆ అమ్మాయి చేరింది జనవరిలో, సరిగ్గా సంక్రాంతి వారంలో. మొదటి రోజుల్లో తోడుండే బడ్డీగా నేను రాసిన అబ్బాయి భీమవరం వెళ్లిపోయాడు. తేడాలు చూపించవలసిన సీనియర్ కుటుంబంతో ఊళ్లో ఉన్నారు. అనుమతి ఇవ్వవలసిన బాధ్యులు సోమవారం వరకు రారు. మెయిలులో నలుగురి పేర్లుంటే ఆఫీసులో ఉన్నది ఒక్కరే, ఆయనా నెల జీతాల లెక్కలు చూసే వేరే జట్టు మనిషి. పాపం ఆమె మూడు రోజులు క్యాంటీన్ మెనూ కంఠస్థం చేసింది. అప్పటి నుంచి మెయిల్ రాసే ముందు జట్టు సెలవుల క్యాలెండరు పక్కన పెట్టుకుంటాను, ప్రతి పేరు పక్కనా రెండో పేరు రాస్తాను.

పేర్ల సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, సంప్రదించవలసిన వారి పట్టిక అని మనం రాసేది చాలావరకు హోదాల పట్టిక. ఫలానా వారు ప్రిన్సిపల్ ఇంజనీరు, ఫలానా వారు డెలివరీ మేనేజరు అని రాస్తే, వీపీఎన్ తెగిపోయినప్పుడు కొత్త మనిషి వారిలో ఎవరిని అడగాలి? నేను పట్టికను ప్రశ్నతో మొదలుపెడతాను. "లాగిన్ పోతే ఐటీ డెస్క్, వారు అరగంటలో పలకకపోతే నేను. బిల్డ్ ఆగిపోతే మీ బడ్డీ, ఆయన లేకపోతే పక్క సీటులోని వారు. ఈ అంకె ఎందుకు ఇలా వచ్చిందని సందేహం వస్తే మా సీనియర్. ఆయన ఉదయం 11 లోపు రోజువారీ తేడాలతో తలమునకలుగా ఉంటారు, 11 తరువాత ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోరు." ఆ చివరి వాక్యం ఏ సంస్థ డైరెక్టరీలోనూ దొరకదు, లీడ్ మాత్రమే రాయగలరు.

ఇక మా అంచనాల గురించి. "చొరవ చూపాలి, త్వరగా నేర్చుకోవాలి" అని రాసేవారిని నేను ఒకటే అడుగుతాను: మొదటి వారం తరువాత అది జరిగిందో లేదో మీరు ఎలా తేలుస్తారు? తేల్చలేని మాట చదివిన మనిషి దానిని అన్నిటికన్నా కఠినంగా అర్థం చేసుకుని రాత్రి తొమ్మిది వరకు కూర్చుంటారు. మా దగ్గర రెండేళ్ల క్రితం చేరిన ఒక ఫ్రెషర్ నేను ఆఫీసు నుంచి కదిలే దాకా కదిలేవాడు కాదు. నేనేమో అతను పనిలో మునిగిపోయాడని మురిసిపోయాను. కారణం తెలిశాక ఈ వాక్యాలు చేర్చాను: "సాయంత్రం 6:30కు వెళ్లిపోవచ్చు, నా కోసం ఆగనక్కరలేదు. ఏ సమస్యనైనా ముందు అరగంట సొంతంగా చూడండి, అప్పటికీ తెగకపోతే తప్పక అడగండి. పూట గడిచాక అడగడాన్ని మాత్రం నేను ఇష్టపడను. స్టాండప్‌లో మొదటి వారం మీరు వింటే చాలు. ప్రొడక్షన్ అనుమతి మొదటి నెలలో ఇవ్వము, అది మీ మీద అనుమానంతో కాదు, అందరికీ అదే నియమం. ఖాతాదారుల వివరాలను ఏ కారణం చేతనైనా చాట్‌లో అతికించవద్దు, తెర ఫొటో కూడా తీయవద్దు." ఈ చివరిదొక్కటే ఆజ్ఞగా రాస్తాను, ఎందుకంటే తెలియక చేసినా దానిని వెనక్కి తీసుకోలేము.

"మమ్మల్ని పేరుతో పిలవవచ్చు, గారు చేర్చినా అభ్యంతరం లేదు, సార్ మాత్రం వద్దు" అన్న వాక్యం కూడా ఉంటుంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవారు దానిని పాటించడానికి రెండు నెలలు పడుతుంది. అయినా రాస్తూనే ఉన్నాను.

ఇంత రాయడానికి లీడ్‌కు తీరిక ఎక్కడిదని ఒక మిత్రుడు అడిగారు. మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది, ఇప్పుడు నలభై నిమిషాలు పడుతోంది. ఆ నలభై నిమిషాల్లో సగం సెలవుల క్యాలెండరు చూడడానికీ, పేరున్న ప్రతి ఒక్కరినీ "ఆ రోజు మీరు ఉంటారా" అని అడగడానికీ పోతుంది. అడగకుండా పేరు రాస్తే, బుధవారం కొత్త మనిషి వెళ్లి నిలబడినప్పుడు "నాకెవరూ చెప్పలేదే" అన్న జవాబు వస్తుంది. ఆ మాట విన్నవారు మళ్లీ ఎవరినీ ఏమీ అడగరు.

శుక్రవారం నాలుగింటి సమావేశంలో నేను అడిగే మొదటి ప్రశ్న, నా మెయిలులో ఏ వాక్యం తప్పని తేలింది అని. కిందటి నెల చేరిన అబ్బాయి చాలాసేపు నసిగి, "మూడో గేటు మూసేశారు సార్, మెట్రో పనులట. చుట్టూ తిరిగి ఒకటో గేటుకు వచ్చాను" అన్నాడు. మూసి మూడు వారాలైందట. నేను రోజూ బేస్‌మెంట్ పార్కింగ్ నుంచి లిఫ్టులో పైకి వచ్చే మనిషిని, నాకు తెలియనే తెలియదు. అతని ఎదుటే ల్యాప్‌టాప్ తెరిచి గేటు నంబరు మార్చాను.