డబ్బులడిగే మెసేజీని బిల్లుగా మార్చడమంటే గౌరవ వాచకాలు చేర్చడం కాదు

మా విజయనగరంలో ఇంట్లో కూర్చుని డిజైన్లు, వీడియో ఎడిటింగులు, డీటీపీ పనులు చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. పని బాగా చేస్తారు. డబ్బుల దగ్గరికొచ్చేసరికి మాత్రం వాట్సాప్‌లో నాలుగు దండాల బొమ్మలు పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తారు. చిన్న షాపుల లెక్కలు రాసేవాడిగా ఈ వ్యవహారం నాకు రెండు వైపులా కనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాకు వరసకు చెల్లెలయ్యే ఒకమ్మాయి సిరిమానోత్సవానికి ఊళ్లో ఒక బట్టల షాపుకి పోస్టర్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేసింది. పండగ అయ్యాక ఆమె ఫోనులో ఉన్న మాటలివి:

అన్నా నమస్తే, పని అయిపోయింది గదా, కొంచెం డబ్బులు చూడండన్నా.
సూద్దాంలేమ్మా, పండగ హడావుడి తగ్గనీ.
అన్నా, ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది, ఎంతో కొంత వెయ్యండన్నా.
మా అకౌంటెంటుకి చెప్పానమ్మా. అతనికి బిల్లు పంపు.

ఈ నాలుగు ముక్కల్లో అసలు విషయం చివరిది. డబ్బు వేసేది ఆ అన్న కాదు, అకౌంటెంటు. అతనికి ఈ అమ్మాయి ఎవరో తెలీదు, పోస్టర్లు ఎన్నో తెలీదు, అడ్వాన్సు ఇచ్చారో లేదో తెలీదు. చాట్ చూసి ఎవరూ ఖర్చు రాసుకోలేరు. తన పుస్తకంలో ఎంట్రీ వేయడానికి ఒక కాగితం కావాలి. అది వెళ్లనంత కాలం ఓనరు మనసులో ఇద్దామని ఉన్నా పైసా కదలదు.

‘ఎంతో కొంత’ అనే మాట నాకు అసలు నచ్చదు. పన్నెండు వేల పని చేసి ఎంతో కొంత అన్నామంటే, బేరానికి మనమే తలుపు తీసినట్టు. ఇంట్లో ఇబ్బంది సంగతీ అంతే. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాటతో రావలసిన సొమ్ము కాస్తా చేబదులు అడిగినట్టయిపోతుంది. తిరగరాసేటప్పుడు మొదట తీసేయాల్సినవి ఈ రెండూ.

తర్వాత చాట్ పైకి జరిపి చూడాలి. ఏ పని, ఎన్ని, ఎంత రేటుకి ఒప్పుకున్నారు, అడ్వాన్సు ఎప్పుడొచ్చింది, ఫైళ్లు ఎప్పుడు పంపింది, అవతలివాళ్లు బాగుందని ఎప్పుడన్నారు. ఇవన్నీ ఒకచోట ఉండవు. రేటు వాయిస్ మెసేజిలో ఉంటుంది, అడ్వాన్సు యూపీఐ హిస్టరీలో ఉంటుంది. ఏరి రాస్తే ఇలా వచ్చింది:

అయ్యా, సిరిమానోత్సవం ప్రచారం కోసం మీ షాపుకి చేసిన పనికి బిల్లు నం. 2025-26/014 జతచేస్తున్నాను. పోస్టర్లు 10, ఒక్కొక్కటి ₹900 చొప్పున ₹9,000. ఫ్లెక్సీ డిజైన్లు 2, ఒక్కొక్కటి ₹1,500 చొప్పున ₹3,000. మొత్తం ₹12,000. సెప్టెంబరు 12న యూపీఐ ద్వారా అందిన అడ్వాన్సు ₹4,000 పోను రావలసినది ₹8,000. ఫైళ్లు సెప్టెంబరు 28న వాట్సాప్‌లో పంపాను. ప్రింటుకి ఇస్తున్నట్టు మీరు అదే రోజు తెలియజేశారు. ఈ మొత్తాన్ని అక్టోబరు 25లోగా బిల్లుపై ఉన్న ఖాతాకి జమ చేయగలరు. లెక్కలో తేడా ఉంటే ఆ తేదీలోగా తెలియజేయగలరు.

ఇందులో కోపం లేదు, బతిమాలుడూ లేదు. ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. షాపులో తెలుగు చదివే అకౌంటెంటు ఉన్నప్పుడు ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ ఎవరికోసం?

కష్టమంతా రీలు దగ్గరొచ్చింది. పండగకి రెండ్రోజుల ముందు ఓనరు వాయిస్ మెసేజి పెట్టాడు: ఒక రీలు కూడా చేసెయ్యమ్మా, చూసుకుందాం. రేటు మాట లేదు. ఆమె చేసి ఇచ్చింది, షాపు వాళ్లు తమ పేజీలో పెట్టుకున్నారు. ఆమె మనసులో దానికి ₹2,500. ఇలాంటప్పుడు చాలామంది ‘అనుకున్న ప్రకారం ₹2,500’ అని రాసేస్తారు. అలా రాయకూడదు. అనుకోలేదు కాబట్టి. అవతలివాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని మొత్తం బిల్లునే అబద్ధం అంటారు, నికరంగా రావలసిన ఎనిమిది వేలు కూడా అక్కడే ఆగిపోతాయి. ఆలస్యమైతే ఇంత వడ్డీ అని కొత్తగా కలపడమూ అలాంటి పనే. ముందు ఒప్పుకోని షరతు బిల్లులో రాసినంత మాత్రాన ఒప్పందమైపోదు.

కాబట్టి రీలుకి వేరే బిల్లు, వేరే నంబరు. దాంతో పాటు ఉన్నదున్నట్టు రెండు మాటలు: అక్టోబరు 5న మీరు వాయిస్ మెసేజి ద్వారా కోరిన రీలు 6న అందజేశాను, అదే రోజు మీ పేజీలో వచ్చింది. దీనికి రేటు ముందుగా మాట్లాడుకోలేదు. నేను తీసుకునే రుసుము ₹2,500. అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు. ఈ విషయం తేలే వరకు బిల్లు 014 చెల్లింపు ఆపవద్దని మనవి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఆ చివరి వాక్యమే. తగువు ఉన్న సొమ్ముని, తగువు లేని సొమ్ముని ఒకే కాగితంలో కట్టేస్తే రెండూ మునుగుతాయి.

ఇక జీఎస్టీ. మన రాష్ట్రంలో సేవలకి ఏడాది టర్నోవరు ₹20 లక్షలు దాటనంత వరకు సాధారణంగా రిజిస్ట్రేషను అక్కర్లేదు. రిజిస్ట్రేషను లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. ఎక్కడో దొరికిన నమూనాలో 18 శాతం గడి ఉందని నింపేయొద్దు. పైన ‘ట్యాక్స్ ఇన్వాయిస్’ అని కాకుండా ‘బిల్లు’ అని ఉంటే చాలు.

చట్టం అండ లేదా అంటే, ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర సేవ పొందినవాళ్లు, తేదీ రాసుకోకపోతే పని అందుకుని అంగీకరించిన 15 రోజుల్లో చెల్లించాలి. రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషను, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, కావాలి. అది ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్లోనే అవుతుంది. అయితే పని ఒప్పుకోకముందే చేయించుకోండి. తర్వాత చేయించుకుంటే పాత బిల్లుకి అది వర్తించదని అవతలివాళ్లు వాదిస్తారు. ఈ అమ్మాయికి అది లేదు, అందుకే ఉత్తరంలో చట్టం ఊసే ఎత్తలేదు. ఉన్నా సరే, మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు పెట్టడం నాకిష్టం ఉండదు. రేపు గంటస్తంభం దగ్గర ఎదురుపడితే మాట్లాడుకోవాల్సిన మనుషులు. గడువు తేదీ దాటాక రెండో ఉత్తరంలో రాసుకోవచ్చు.

ఇలా రాస్తే అన్న ఏమనుకుంటాడో అని ఆ అమ్మాయి భయపడింది. నేనైతే చాట్‌లో అన్నా అనే పిలవమన్నాను: అన్నా, మీరడిగిన బిల్లులు పంపాను, మీ అకౌంటెంటుకి ఇవ్వండి. అంతే. లెక్క బిల్లులోకి వెళ్లిపోయాక ఇక్కడ వరస వరసలాగే ఉంటుంది. పాత చాట్ మాత్రం చెరపొద్దన్నాను. బిల్లులో రాసిన ప్రతి తేదీకీ ఆధారం అదే.

014 సొమ్ము గడువులోపే పడింది. రీలుకి రెండు వేలు ఇస్తామన్నారు, ఆమె ఒప్పుకుంది. అప్పుడు పాత బిల్లు మీద అంకె దిద్దకుండా, రెండో బిల్లు నంబరు వేసి, ₹500 తగ్గించి ₹2,000తో పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నానని ఆమె చేత ఒక మెసేజి పంపించాను. డబ్బు పడిన రోజు రెండు బిల్లుల నంబర్లతో రసీదు వెళ్లింది, బాకీ ఏమీ లేదని.