‘స్టాండర్డ్ సైజే సార్’ అన్న సోఫా షాపు అన్నకి

అన్నా, బాగున్నారా. నేను సోఫా కొలతలు అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి ‘త్రీ సీటర్ సార్’ అన్నారు, రెండోసారి ‘స్టాండర్డ్ సైజే’ అన్నారు, మూడోసారి బొటనవేలు బొమ్మ పంపారు. ఆ బొటనవేలు ఎన్ని అంగుళాలో కూడా చెప్పలేదు.

చీటీ మీద పొడవు 6 అడుగులని రాశారు కదా. నాకెందుకో అనుమానమొచ్చి మొన్న షాపుకొచ్చి టేపు పెట్టి చూశాను. 72 అంగుళాలు కూర్చునే చోటు వరకే. అటూ ఇటూ చేతులు పెట్టుకునే దిమ్మెలు ఒక్కొక్కటి 9 అంగుళాలు, అంటే మొత్తం 90. మా హాల్లో ఆ గోడ 88. ఆ రెండంగుళాల కోసం గోడని జరగమనలేను కాబట్టి సోఫాని కిటికీ వైపుకి మార్చుకున్నాను, అది నా తిప్పలు. మేం కూర్చునే కొలత మాకు తర్వాత చాలు, ముందు అది గుమ్మం దాటాలి.

మా గుమ్మం బయటి నుంచి చూస్తే మూడున్నర అడుగులు. రెండు వైపులా చెక్క, తెరిచిన తలుపు మందం పోగా మిగిలిన ఖాళీ 33 అంగుళాలు. మీ సోఫా లోతు 36, ఎత్తు 34. మామూలుగా పట్టుకుంటే పట్టదు. కానీ కాళ్ళు 5 అంగుళాలున్నాయి, అవి ఊడదీస్తే ఎత్తు 29, అప్పుడు వీపు మీద పడుకోబెట్టి లోపలికి లాగేయొచ్చు. అందుకే అడుగుతున్నాను, ఆ కాళ్ళు స్క్రూతో బిగించారా, మేకులు కొట్టేశారా? షాపులో వంగి చూద్దామంటే మీ అబ్బాయి ‘మెటీరియల్ ముట్టుకోకండి’ అన్నాడు.

ఇక ప్యాకింగ్. అట్ట, థర్మాకోల్ కలిపి పక్కకి అంగుళంన్నర వేసుకున్నా 34 కాస్తా 37 అవుతుంది, పైగా కాళ్ళు కూడా లోపలే. అంటే పెట్టె మా గుమ్మంలో దూరదు. బయటే విప్పుదామంటే మీ బిల్లు వెనకాల ‘విప్పిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. విప్పకపోతే లోపలికి రాదు, విప్పాక రాకపోతే మీరు తీసుకోరు. ఈ రూలు రాసినాయన ఇంట్లో సోఫా ఉందా అన్నా?

లిఫ్ట్ సంగతి మర్చిపోండి, దాని తలుపు ఎత్తు 79 అంగుళాలు, మీ సోఫా నిలువుగా నిలబడితే 90. మూడో అంతస్తుకి మెట్ల మీదుగానే రావాలి. మోసేవాళ్ళు అంతస్తుకింత అని అడుగుతారు, పెట్టె పొడవెంతో చెప్తేగానీ మలుపులో తిరుగుతుందో లేదో వాళ్ళూ చెప్పలేరట.

కాబట్టి బిగించినప్పటి పొడవు, లోతు, ఎత్తు, కాళ్ళు లేకుండా ఎత్తు, పెట్టె మూడు కొలతలు, అన్నీ అంగుళాల్లో పంపండి. బొటనవేలు వద్దు. పాత దివాను గురువారమే అమ్మేశాను, ఈ ఉత్తరం చాప మీద కూర్చుని రాస్తున్నాను.