గడువు కొట్టువాడికేనా?

గాజువాకలో పెయింట్లూ పైపులూ అమ్మే హార్డ్‌వేర్ కొట్టు. బీకాం పూర్తిచేసిన కొడుకు ఖాతా పుస్తకం తిరగేసి, "లాభం బాగానే ఉంది కదా నాన్నా, మరి సోమవారం డీలర్‌కి కట్టడానికి డబ్బు లేదంటావేంటి?" అన్నాడు. తండ్రి జవాబు చెప్పకుండా గోడౌన్‌లోకి తీసుకెళ్లాడు. కథ మేం అల్లిందే. అందులోని కష్టం మాత్రం విశాఖలో అరువు మీద సరుకిచ్చే కొట్లవాళ్లందరికీ తెలుసు.

"ఈ డబ్బాలు చూడరా. ఒకాయన అడిగిన రంగు కలిపించాం, తర్వాత ఆయన రాలేదు. కలిపిన రంగు కంపెనీ వెనక్కి తీసుకోదు. ఆ మూల బైండింగ్ వైరు చూడు, సముద్రపు గాలికి తుప్పెక్కింది. డబ్బు ఏదీ అన్నావు కదా, సగం ఇదిగో, ఇక్కడ నిలబడి ఉంది." తర్వాత గల్లాపెట్టె కిందనుంచి కాంట్రాక్టర్ల బిల్లుల కట్ట తీశాడు. "మిగతా సగం ఇందులో ఉంది."

ఆ తర్వాత కాగితం మీద లెక్క వేశాడు. చిల్లర అమ్మకం పక్కన పెడితే, కాంట్రాక్టర్లకు పంపేది రోజుకు పదివేల రూపాయల సరుకు, అదీ కొన్న ధర మీద. కొన్న సరుకు అమ్ముడయ్యేదాకా సగటున 60 రోజులు అరలో ఉంటుంది, అంటే 6 లక్షలు. అమ్మాక డబ్బు రావడానికి 90 రోజులు, అంటే 9 లక్షలు. డీలర్ ఇచ్చే గడువు 30 రోజులే, అంటే 3 లక్షలు. పదిహేనులోంచి మూడు తీసేస్తే 12 లక్షలు. కొట్టు నడవాలంటే ఎప్పుడూ ఇరుక్కుని ఉండాల్సిన సొమ్ము అది. "నీ పుస్తకంలో వర్కింగ్ క్యాపిటల్ అంటారే, అదే ఇది. పుస్తకంలో అది ఆస్తి. సోమవారం పొద్దున డీలర్‌కి ఇద్దామంటే చేతిలో ఉండదు."

కొడుకు కాసేపు ఆలోచించి, "వాళ్లు 45 రోజులకే ఇస్తే?" అన్నాడు. బకాయి నాలుగున్నర లక్షలకు దిగుతుంది, ఇరుక్కున్న సొమ్ము ఏడున్నరకు తగ్గుతుంది. మిగిలే నాలుగున్నర లక్షలకు 12 శాతం వడ్డీ వేసినా ఏడాదికి 54 వేలు. అది కాంట్రాక్టర్ తరఫున ఆ తండ్రి తన జేబులోంచి కడుతున్న వడ్డీ.

కాంట్రాక్టర్లకూ పైనుంచి బిల్లులు ఆలస్యంగా వస్తాయి, నిజమే. కానీ ఆ బరువంతా చివరికి కొట్టువాడి నెత్తినే ఎందుకు పడాలి? అతనికి ఎవరూ గడువు పెంచరు. బిల్లు రాస్తే చాలు, డబ్బు వచ్చినా రాకపోయినా, నెలనెలా రిటర్న్ వేసేవాడు మరుసటి నెల 20వ తేదీకల్లా జీఎస్టీ కట్టాలి. డీలర్‌కి 180 రోజుల్లో చెల్లించకపోతే ఆ కొనుగోలు మీది జీఎస్టీకి తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. అప్పుకోసం బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తే, 90 రోజులు దాటిన బాకీలనూ కదలని సరుకునూ మామూలుగా లెక్కలోకే తీసుకోరు, అంటే డబ్బు బాగా అవసరమైనప్పుడే చేతికొచ్చే అప్పు తగ్గిపోతుంది.

ఇక మాకు కోపం తెప్పించే సంగతి. చిన్న పరిశ్రమల కోసం 2006లో చట్టం తెచ్చారు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా కొన్నవాడు డబ్బివ్వాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. బాగుంది. 2021 జూలైలో వ్యాపారులకూ చిన్న సంస్థగా గుర్తించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు, అదీ బాగుంది. కానీ దాని ప్రయోజనం ప్రాధాన్య రంగ రుణాలవరకేనని గీత గీశారు. పెయింటు తయారుచేసే చిన్న యూనిట్‌కి 45 రోజుల హక్కు ఉంది, అదే డబ్బాను అరువిచ్చిన కొట్టుకు లేదు. అప్పు తెచ్చుకోవడానికి చిన్న సంస్థ, బాకీ అడగడానికి మాత్రం కాదా? ఇదేం న్యాయం?

కొట్టువాడికి 20వ తేదీ ఉంది, 30 రోజులు ఉన్నాయి, 180 రోజులు ఉన్నాయి. అతని బాకీదారుడికి మాత్రం ఏ తేదీ లేదు. కోర్టుకు వెళ్లొచ్చు, మూడేళ్లలోపు దావా వేయొచ్చు అంటారు. రేపు మళ్లీ సరుకు కొనాల్సిన మనిషి మీద ఏ కొట్టువాడు దావా వేస్తాడు? 45 రోజుల నిబంధనను వ్యాపారులకూ వర్తింపజేయాలి, అది కేంద్రం చేయాల్సిన పని. ఈలోగా ఈ నగరంలో లక్షల పనులు చేయిస్తూ, కొట్టుకు ఫోన్ చేసి "ఇంకో పది డబ్బాలు పంపించు, పాతది తర్వాత చూద్దాం" అనే పెద్దమనుషులారా, ఆ పాతది మీ సొమ్ము కాదు. ముందు అది కట్టండి, తర్వాత పది డబ్బాలు అడగండి.