రాత్రి రెండింటికి తాతయ్య ఫోను

వేసవి సెలవులకు అమెరికా నుంచి హైదరాబాద్ టికెట్లు కొన్నాక చిన్నపిల్లల తల్లిదండ్రులు తప్పకుండా అడిగేది, అక్కడ టీవీ, ఫోను ఎంతసేపు చూడనివ్వొచ్చని. లెక్క చాలామందికి తెలిసిందే. రెండేళ్ళు నిండని పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వారికి రోజుకు గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఇంటి దగ్గర ఉన్నప్పుడు మంచి లెక్కే. ప్రయాణం చేసిన మొదటి వారం మాత్రం దాన్ని పక్కన పెట్టమంటాను. విమానంలో పిల్లాడు ఎన్ని కార్టూన్లు చూశాడో తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆ వారం కాపలా కాయాల్సినవి రెండే వేళలు: పడుకోబోయే ముందు గంట, నడిరాత్రి మెలకువ వచ్చిన గంట. మొదటిదాని గురించి అందరూ చెబుతారు. ఇల్లంతా కలిసి తప్పు చేసేది రెండోదాని దగ్గర.

ఒక లెక్క వేసి చూద్దాం. న్యూజెర్సీలో రాత్రి 8కి పడుకుని ఉదయం 6:30కి లేచే నాలుగేళ్ళ పిల్లాడు. వేసవిలో హైదరాబాద్ అక్కడికంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అంటే వాడి ఒంట్లో ఉన్న రాత్రి ఇక్కడ తెల్లవారుజామున 5:30కి మొదలై సాయంత్రం 4కి ముగుస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు శంషాబాద్‌లో దిగి, సామాన్లు తీసుకుని, కూకట్‌పల్లి చేరేసరికి ఐదున్నర. సరిగ్గా వాడు పడుకునే వేళ. "పాపం, ఎంత అలిసిపోయాడో, పడుకోనివ్వండి" అంటుంది అమ్మమ్మ. పడుకోనిస్తే సాయంత్రం నాలుగింటిదాకా లేవడు, ఆ రాత్రి ఎవరినీ పడుకోనివ్వడు.

కాబట్టి ఇంటికి చేరగానే పడుకోబెట్టినా, మూడు గంటలకు మించకుండా లేపాలి. పిలిస్తే లేవడు. ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్ళి, తర్వాత ఏదైనా తినిపించాలి. మధ్యాహ్నం మరో గంటన్నర కునుకు తీయొచ్చు. నాలుగు దాటాక మాత్రం వద్దు.

వెలుతురు దగ్గర చాలామంది పొరపడతారు. ఉదయపు ఎండ మంచిదని మొదటిరోజే ఏడింటికి పార్కుకు తీసుకెళతారు. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒళ్ళు బాగా చల్లబడుతుంది. ఆ క్షణం దాటాక పడే వెలుతురు ఒంటి గడియారాన్ని ముందుకు జరుపుతుంది, దానికి ముందు పడేది వెనక్కి లాగుతుంది. మన పిల్లాడికి మొదటిరోజు అది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో వస్తుంది. అందుకే మొదటి రెండు రోజులు పొద్దున ఇంట్లోనే ఉంచి, మూడింటి నుంచి చీకటిపడే దాకా బయట తిప్పడం మేలు. మండే ఎండలో నిలబెట్టనక్కర్లేదు. బాల్కనీ నీడలో ఆడుకున్నా గదిలో లైటు కంటే ఎన్నో రెట్లు వెలుతురు కళ్ళకు అందుతుంది. నాలుగో రోజుకల్లా పొద్దున పదకొండు గంటల వెలుతురు పనికొస్తుంది, ఆ తర్వాత ఇంకా పెందలాడే వెళ్ళొచ్చు. చిన్నపిల్లల గడియారం రోజుకు గంటో గంటన్నరో మాత్రమే కదులుతుంది గనుక వారం పైనే పడుతుంది. అది తగ్గించడం మన చేతిలో పెద్దగా లేదు, పెంచడం మాత్రం ఉంది.

మొదటి రాత్రి ఆరున్నరకి అన్నం, ఏడున్నరకి స్నానం, ఎనిమిదికి పడక. తేలిగ్గానే నిద్రపోతాడు, అలసట అలాంటిది. ఒంటిగంటకో రెండింటికో కళ్ళు విప్పార్చుకుని లేచి కూర్చుంటాడు. వాడికది సాయంత్రం నాలుగు, మధ్యాహ్నం కునుకు తీసి లేచినట్టు. ఆకలి కూడా నిజమే, బడి నుంచి వచ్చి ఏదో ఒకటి తినే సమయం అది. పక్కగదిలో తాతయ్యకు నిద్ర పాడవుతుందని తల్లి కంగారు. ఈలోగా తాతయ్యే లేచొచ్చి, "ఏడవకురా నాన్నా, ఇదుగో" అని తన ఫోను చేతిలో పెడతాడు. ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. అందరికీ అది పరిష్కారంలా కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే, ఆ మొదటి రాత్రి ఫోను వెలుతురు చేసే చెరుపు తక్కువ, ఎందుకంటే వాడి ఒంటికది పగలు. మూడు నాలుగు రాత్రులు గడిచి గడియారం కొంత జరిగాక చూడండి. అప్పుడు రాత్రి రెండు అంటే వాడి ఒంటికి ఎనిమిదో తొమ్మిదో, నిద్రకు సిద్ధంచేసే హార్మోన్ మెలటోనిన్ ఊరడం మొదలయ్యే వేళ. ఆ సమయంలో కళ్ళ ముందు తెర వెలిగితే గడియారం మళ్ళీ అమెరికా వైపే మొగ్గుతుంది. తెర రంగును పసుపుకి మార్చే సెట్టింగు పెట్టామని ధీమాగా ఉండొద్దు. బొమ్మలు కదులుతున్నంతసేపు పిల్లాడు మేలుకునే ఉంటాడు.

వెలుతురు కంటే పెద్ద చెరుపు మరొకటి ఉంది. రెండింటికి లేస్తే ఫోను దొరుకుతుందని మూడే రాత్రుల్లో నేర్చుకుంటాడు. జెట్‌లాగ్ పోయాక కూడా ఆ మెలకువ పోదు. రెండింటినీ వేరుచేసి గుర్తుపట్టడం కష్టం కాదు, లేచిన టైము రోజూ గోడ కాలెండర్ మీద రాస్తే చాలు. జెట్‌లాగ్ మెలకువ జరుగుతూ, కుదించుకుపోతూ ఉంటుంది: ఒంటిగంట, రెండు, మూడున్నర, చివరికి ఐదు. అలవాటు మెలకువ కదలదు. పదో రోజున కూడా సరిగ్గా రెండింటికే లేచి, కళ్ళు నులుముకుంటూ ముందు ఫోనడిగితే అది గడియారం పని కాదు.

మరి ఆ మెలకువ వేళ ఏం చేయాలి? గదిలో పెద్ద లైటు వేయకుండా మూలన చిన్న పసుపు బల్బు ఒకటి. రెండు ముద్దల పెరుగన్నమో ఒక అరటిపండో. పడుకునే ముందే మంచం పక్కన బిల్డింగ్ బ్లాకులు, రెండు బొమ్మల పుస్తకాలు తీసిపెట్టుకోవాలి, అప్పుడు హాల్లోకి వెళ్ళే పని ఉండదు. ముప్పావు గంట ఆడుకోనిచ్చి బల్బు తీసేసి మళ్ళీ పడుకోబెట్టాలి. మొదటి రెండు మూడు రాత్రులు నిద్రపట్టకపోవచ్చు, చీకట్లో కబుర్లు చెప్పుకుంటూ పడుకుని ఉంటే చాలు. తెల్లవారుజామున ఎప్పుడు నిద్రపోయినా ఏడింటికి లేపాలి. ఇక్కడ జాలిపడి పదింటిదాకా వదిలేస్తే, రాత్రంతా పడ్డ శ్రమ పోతుంది.

అమెరికా నుంచి తెచ్చుకునే మెలటోనిన్ గమ్మీల మాట కూడా చెప్పాలి. 2023లో 25 రకాలు పరీక్షిస్తే 22 వాటిలో, లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన కుదరలేదు. పిల్లల డాక్టర్ని అడక్కుండా వేయొద్దు.

సాయంత్రం సీరియల్ మానేయమని అమ్మమ్మతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. పిల్లాడి పక్కను లోపలి గదికి మార్చి, ఫ్యాన్ పెంచి, తలుపు వేస్తే హాల్లో టీవీ చప్పుడు అడ్డురాదు. తాతయ్యతో మాత్రం విమానం ఎక్కకముందే మాట్లాడుకోవాలి, రాత్రి రెండింటికి కాదు. "నాన్నా, వాడు లేస్తే ఫోను ఇవ్వకండి, లైటు వేయకుండా ఓ కథ చెప్పండి" అంటే ఆయనకో పని అప్పజెప్పినట్టవుతుంది.

ఇప్పటికే అలవాటు పడిపోయి ఉంటే, రాత్రిళ్ళు ఫోన్లన్నీ వంటింట్లో ఛార్జింగుకు పెట్టండి. మొదటి రాత్రి, రెండో రాత్రి ఏడుపు ఇంకా పెరుగుతుంది. మూడో రాత్రి ఓపిక నశించి ఒక్కసారి ఇచ్చారా, ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో వాడికి కొత్త కొలత తెలిసిపోతుంది. అంతవరకు నిలబడలేమనుకుంటే, బంధువుల పెళ్ళి ఉన్న వారంలో మొదలుపెట్టకండి.