మూసిన గుడి తలుపు

"ఎల్లుండి పొలం అగ్రిమెంటు. రాత్రి కలల వేములవాడ పోయిన, గుడి తలుపులు మూసి ఉన్నయి. వద్దని చెప్పినట్టేనా?"

అన్నా, ఇంకెవరికీ చెప్పకముందే చూసింది చూసినట్టు నాలుగు వరుసలు రాసిపెట్టు. తలుపు మూసి ఉండుడు నువ్వు చూసింది. రాజన్న వద్దన్నడనేది తర్వాత కలిపింది. పదిమందికి చెప్పినకొద్దీ ఈ రెండోదే అసలు కల లెక్క అయిపోతది. ఆ ముందటి రెండు రోజుల్ల కోడె మొక్కు బాకీ ఉందని ఇంట్ల ఎవరన్నా యాది చేసిన్రా? చేస్తే మొక్కు విడిగ తీర్చుకో, పొలం బేరానికి ముడిపెట్టకు. మెలకువల గుండె దడదడలాడిందంటే ఆ భయం దేని గురించో చూడు. హద్దు గొడవైతే సర్వేయర్‌తోని కొలిపించు, పాత అప్పుల అనుమానమైతే ఈసీ తీయించు. తేలేదాకా అడ్వాన్స్ ఇయ్యకు. ఇంకో కల కోసం మాత్రం ఆగకు, గుడిని తలుచుకుంట పండుకుంటే మళ్ల గుడే రావచ్చు.