జవాబు కింద టిక్కు పెట్టే ముందు పై లైన్లు చదవండి

వర్క్‌షీట్ దిద్దడమంటే చివరి లైను చూసి టిక్కు కొట్టడమే అనుకునే ట్యూషన్ టీచర్లకే ఈ పోస్ట్. జవాబు గైడ్ వెనకాలే ఉంటుంది, పక్కవాడి నోట్సులోనూ ఉంటుంది. పిల్లవాడికి ఏం వచ్చో తెలిసేది మధ్య లైన్లలోనే.

పదో తరగతి లెక్క ఒకటి తీసుకోండి: 2x² − 7x + 3 = 0. మధ్య పదాన్ని విడదీస్తే 2x² − 6x − x + 3 = 0. తర్వాతి లైను 2x(x − 3) − 1(x − 3) = 0. జవాబులు 3, 1/2.

ఒక కాగితంలో రెండో లైను 2x² − 6x + x + 3 అని ఉందనుకోండి. గుర్తు తప్పు. నిజంగా ఆ లైను మీద నడిచిన పిల్లవాడికి తర్వాత 2x(x − 3) + 1(x + 3) వస్తుంది. రెండు బ్రాకెట్లూ కలవవు, అక్కడే ఆగిపోతాడు, లేదా కొట్టేసి మళ్లీ మొదలెడతాడు. కానీ ఈ కాగితంలో మూడో లైను తప్పే లేకుండా ఉంది! సొంతంగా చేసిన తప్పు కింది లైన్లను కూడా పాడుచేస్తుంది. చూసి రాసిన తప్పు మాత్రం ఆ ఒక్క లైనులోనే ఉండిపోతుంది.

అలాగని వెంటనే దొంగను పట్టేశామని గంతులేయకండి. మనసులో మైనస్ అనుకుని చేత్తో ప్లస్ రాసే పిల్లలూ ఉంటారు. ఇద్దరి కాగితాల్లో ఒకే తప్పు ఉండటం కూడా రుజువు కాదు. √(9 + 16) ను 3 + 4 = 7 అని క్లాసులో చాలామంది ఎవరికి వారే రాస్తారు, ఎందుకంటే అది ఆలోచనలో ఉన్న తప్పు. 2x − 1 = 0 తర్వాత x = 1/7 అని ఇద్దరూ రాస్తే మాత్రం అనుమానించాలి. 2 ను 7 చేసే గణితం ఏదీ లేదు, ఎవరిదో చేతిరాత మాత్రం చేస్తుంది.

తేల్చుకోవాలంటే "కాపీ కొట్టావా?" అని అడగొద్దు. ఎవరైనా లేదనే అంటారు. "ఈ −6x ఎక్కడిది?" అని అడగండి. 2, 3 లను గుణిస్తే 6, కాబట్టి లబ్ధం 6, మొత్తం −7 వచ్చే రెండు సంఖ్యలు వెతికానని చెబితే సరే. మార్జిన్లో (−2, −3) రాసి కొట్టేసిన గుర్తుంటే ఇంకా మంచిది. అలాంటి కొట్టివేతలకు మార్కులు కోసే టీచర్లున్నారు, ఏమనాలో తెలియదు.

ఇంకా అనుమానముంటే క్రమం మార్చి 2x² − x − 6x + 3 నుంచి చేయమని కాగితం ఇవ్వండి. అర్థమైనవాడికి x(2x − 1) − 3(2x − 1) వస్తుంది. చూసి రాసినవాడు − 3(2x + 1) దగ్గర ఇరుక్కోవచ్చు, ఎందుకంటే మైనస్‌ను బయటికి తీస్తే లోపలి గుర్తు మారుతుందన్నది వాడు ఎప్పుడూ సొంతంగా చేసి చూడలేదు. భయస్తులకు రెండు నిమిషాలు ఎక్కువివ్వండి, పక్కన నిలబడి చూడొద్దు.

ఇరుక్కున్నవాడికి పాత వర్క్‌షీట్ మొత్తం పదిసార్లు రాయమని శిక్ష వేస్తారేమో, అదీ కాపీయే కదా. మైనస్ ఉమ్మడిగా తీసే లెక్కలు నాలుగైదు చేయించి, ఆ తర్వాతే వర్గ సమీకరణాలకు రండి.